శీఘ్రస్ఖలనానికి వాడే మందులు: పనిచేసే తీరు, ఎదురయ్యే ఇబ్బందులు

మొదటి కలయిక నుంచీ దాదాపు ప్రతిసారీ సుమారు ఒక నిమిషంలోపే స్ఖలనం జరుగుతూ, దాన్ని ఆపుకోవడం చేతకాక, దానివల్ల మనిషి బాధపడుతూ ఉంటే దాన్ని జీవితకాల శీఘ్రస్ఖలనం అంటారు. అప్పుడప్పుడు త్వరగా ముగియడం ఈ కోవలోకి రాదు. మొదట బాగానే ఉండి తర్వాత ఈ సమస్య మొదలైతే అంగస్తంభన లోపం, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, ప్రొస్టేట్ వాపు వంటి కారణాలను ముందు వెతకాలి. ఈ భాగంలో మీరు చదివేది మొదటి రకానికి వాడే మందుల గురించి.

స్ఖలనాన్ని నిదానింపజేసే పనిలో సెరోటోనిన్ అనే రసాయనానికి ముఖ్యపాత్ర ఉంది. ఒక నాడీకణం విడుదల చేసిన సెరోటోనిన్‌ను అదే కణం కొద్దిసేపట్లో తిరిగి లోపలికి పీల్చుకుంటుంది. ఈ పీల్పును అడ్డుకుంటే కణాల మధ్య సెరోటోనిన్ ఎక్కువసేపు నిలిచి, స్ఖలనం ఆలస్యమవుతుంది. డెపాక్సిటిన్, కుంగుబాటుకు వాడే పారోక్సెటిన్, సెర్ట్రాలిన్ అన్నీ చేసేది ఈ పనే. తేడా వేగంలో ఉంది. డెపాక్సిటిన్ మింగిన గంట, గంటన్నరలో రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరి, ఆ తర్వాత త్వరగా తగ్గిపోతుంది. అందుకే దాన్ని రోజూ కాక, అవసరమైన రోజున కలయికకు 1 నుంచి 3 గంటల ముందు వేసుకుంటారు. 24 గంటల్లో ఒక్కసారికి మించకూడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 31 ఏళ్ల ఒక ఉద్యోగి వేరే ఊళ్లో ఉంటూ నెలకు రెండుసార్లు ఇంటికి వస్తాడు. రోజూ మందు మింగవలసిన అవసరం ఇతనికి లేదు కనుక వైద్యుడు 30 మిల్లీగ్రాముల డెపాక్సిటిన్ రాశాడు. రాసేముందు గుండెజబ్బు ఉందా, ఎప్పుడైనా స్పృహ తప్పిందా అని అడిగాడు. పడుకున్నప్పుడు, నిలబడ్డప్పుడు రక్తపోటు చూశాడు. కానీ ఇతను మందుల షాపులో ఆ చీటీ చూపకుండా నోటిమాటగా అడిగి, డెపాక్సిటిన్‌తో సిల్డెనాఫిల్ కలిసిన మాత్ర తెచ్చుకున్నాడు. శనివారం రాత్రి బీరు తాగి ఆ మాత్ర వేసుకున్నాడు. గంట తర్వాత మంచం మీద నుంచి చటుక్కున లేవగానే వికారం, చెమటలు, కళ్లు బైర్లు కమ్మడం. తల వంచి కింద కూర్చోబట్టి పడిపోలేదు.

ఇక్కడ జరిగిందేమిటి? డెపాక్సిటిన్ వల్లనే కొందరిలో లేచి నిలబడ్డప్పుడు రక్తపోటు పడిపోతుంది. సిల్డెనాఫిల్ రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, మద్యం దానికి తోడైంది. స్తంభన సరిగానే ఉన్న ఇతనికి అసలు సిల్డెనాఫిల్‌తో పనే లేదు. తర్వాతిసారి ఉత్త డెపాక్సిటిన్‌నే నిండు గ్లాసు నీళ్లతో, మద్యం లేకుండా, రెండు గంటల ముందు వేసుకుంటే కాస్త వికారం తప్ప ఇబ్బంది రాలేదు.

ఫలితం ఎంత ఆశించాలి? 2006లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో సగటు సమయం 0.9 నిమిషం నుంచి 30 మిల్లీగ్రాములతో 2.78 నిమిషాలకు, 60 మిల్లీగ్రాములతో 3.32 నిమిషాలకు పెరిగింది. మందులేని ఉత్త మాత్రతో కూడా 1.75 నిమిషాలకు చేరిందని గమనించండి. పావుగంట వస్తుందని ఆశించినవారే త్వరగా నిరాశపడి మానేస్తారు. ఆరు మోతాదుల తర్వాత కొనసాగించాలా వద్దా అని వైద్యునితో మాట్లాడుకోవాలి.

రోజూ తక్కువ మోతాదులో, ఉదాహరణకు 10 లేదా 20 మిల్లీగ్రాముల పారోక్సెటిన్ వాడితే ఆలస్యం డెపాక్సిటిన్ కంటే ఎక్కువగా ఉంటుంది. అయితే పూర్తి ప్రభావానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, ఎందుకంటే నాడీకణాల గ్రాహకాలు పెరిగిన సెరోటోనిన్‌కు నెమ్మదిగా సర్దుకుంటాయి. మగత, ఆవలింతలు, కోరిక తగ్గడం కనిపించవచ్చు. వీర్యకణాల నాణ్యత తగ్గే అవకాశం ఉన్నందున, పిల్లల కోసం ప్రయత్నిస్తున్న జంట ఆ మాట ముందే చెప్పాలి. ఒక్కసారిగా మానేస్తే తలతిరుగుడు, చిరాకు, నిద్రలేమి వస్తాయి. కాబట్టి వారాల తరబడి తగ్గిస్తూ ఆపాలి. ఇది వాడుతూ డెపాక్సిటిన్ జోడించడం ప్రమాదకరం. నొప్పికి వాడే ట్రమడాల్‌తోనూ అంతే. సెరోటోనిన్ హద్దుమీరి వణుకు, జ్వరం, గందరగోళం కలగవచ్చు.

స్ప్రేల దారి వేరు. లిడోకెయిన్, ప్రిలోకెయిన్ చర్మంలోని నాడుల సంకేతాన్ని అక్కడే ఆపుతాయి. మెదడుతో పని లేదు, వికారమూ ఉండదు. రెండూ కలిసిన ఒక స్ప్రేను శిశ్నాగ్రంపై మూడుసార్లు కొట్టి, ఐదు నిమిషాలు ఆగి, తుడిచేయాలి. తుడవడం మరిస్తే భార్యకూ స్పర్శ మొద్దుబారుతుంది, లేదా మంటపుడుతుంది. చాలామంది దీన్ని ఆమె చెప్పేదాకా గుర్తించరు. ఎక్కువ కొడితే అతనికే స్పర్శ పోయి స్తంభన సడలుతుంది. అలా జరిగితే మరిన్ని చుక్కలు కాదు, తక్కువ చుక్కలు కావాలి. జి6పిడి లోపం ఉన్నవారు ప్రిలోకెయిన్ ఉన్నవాటిని వైద్యుణ్ణి అడగకుండా వాడకూడదు.

మీ ప్రగతిని తెలుసుకోండి: పై ఉదాహరణలోని వ్యక్తి వెన్నునొప్పికి ట్రమడాల్ వాడుతున్నాడనుకుంటే, ఈ మూడింటిలో అతనికి ఏది మిగులుతుంది? ఎందుకు?