జనరల్ మోటార్స్ ఐపీ పెట్టే ముందు

మన ఊళ్లలో వ్యాపారి దివాలా తీస్తే 'ఐపీ పెట్టాడు' అంటారు. ఆ మాట బయటికి రాగానే అందరూ జ్ఞానులైపోతారు. సరుకు తగ్గించాడని ఒకరు, చీటీ డబ్బు రెండు నెలలు ఆలస్యం చేశాడని ఇంకొకరు, తమకు ముందే తెలుసన్నట్టు చెబుతారు. పెద్ద కంపెనీల విషయంలో ఆ 'ముందే' ఎంత ముందు, ఏ అంకెలు చూస్తే తెలుస్తుంది అన్న ప్రశ్నకు 1968లో ఎడ్వర్డ్ ఆల్ట్‌మన్ అనే అమెరికన్ ఫైనాన్స్ ఆచార్యుడు ఒక సూత్రం ఇచ్చాడు. దాని పేరు జడ్ స్కోరు.

ఆయన దివాలా తీసిన 33 తయారీ కంపెనీలను, అదే కాలంలో నిలబడ్డ మరో 33 కంపెనీలను పక్కపక్కన పెట్టాడు. ఇరవై రెండు నిష్పత్తులు పరిశీలించి, కలిపి చూసినప్పుడు ఆ రెండు గుంపులను బాగా విడదీసే అయిదింటిని ఉంచుకున్నాడు.

```
Z = 1.2 X1 + 1.4 X2 + 3.3 X3 + 0.6 X4 + 1.0 X5
```

ఇందులో X1 వర్కింగ్ క్యాపిటల్, X2 ఇన్నేళ్లలో వాటాదారులకు పంచకుండా మిగుల్చుకున్న లాభం, X3 వడ్డీ, పన్నులు తీయకముందు ఆ ఏడాది లాభం, X5 అమ్మకాలు. ఈ నాలుగింటినీ కంపెనీ మొత్తం ఆస్తులతో భాగించాలి. X4 ఒక్కటే వేరు. అది షేర్ల మార్కెట్ విలువను మొత్తం బాకీలతో భాగిస్తే వచ్చేది. ఫలితం 2.99 దాటితే కంపెనీ భద్రంగా ఉన్నట్టు, 1.81 లోపు ఉంటే దివాలా తీసిన వాటి పోలికలు ఉన్నట్టు. మధ్యలోది తేల్చి చెప్పలేని జాగా.

ఇప్పుడు ఒక పెద్ద కంపెనీని ఈ త్రాసులో పెడదాం. 2008 డిసెంబరు 31 నాటికి జనరల్ మోటార్స్ ఆస్తులు సుమారు 9,100 కోట్ల డాలర్లు, బాకీలు 17,600 కోట్ల పైమాటే.

ఏడాదిలోపు చేతికొచ్చే ఆస్తులు సుమారు 4,120 కోట్లు, ఏడాదిలోపు తీర్చాల్సినవి 7,390 కోట్లు. అంటే వర్కింగ్ క్యాపిటల్ 3,270 కోట్ల లోటులో ఉంది. ఆస్తులతో భాగిస్తే మైనస్ 0.36, దాన్ని 1.2తో గుణిస్తే మైనస్ 0.43. కార్ల కంపెనీకి ఈ లోటు ఎందుకంత ప్రమాదమో చెప్పాలి. బండి ఫ్యాక్టరీ దాటగానే డీలరు వైపు నుంచి డబ్బు వస్తుంది, విడిభాగాల వాళ్లకు చెల్లింపు మాత్రం వారాల తర్వాత. అమ్మకాలు సాగినంత కాలం ఇతరుల డబ్బుతోనే కంపెనీ నడుస్తుంది. 2008 చివర్లోలా అమ్మకాలు పడిపోతే రావాల్సింది ఆగిపోతుంది, పాత బిల్లులు మాత్రం తప్పవు.

రెండోది మిగుల్చుకున్న లాభం. నూరేళ్లు నిండిన కంపెనీ ఖాతాలో పేరుకున్నది లాభం కాదు, సుమారు 7,060 కోట్ల డాలర్ల నష్టం. నిష్పత్తి మైనస్ 0.78, గుణకంతో మైనస్ 1.09. స్కోరును అన్నిటికన్నా కిందికి లాగింది ఇదే. ఇందులో పెద్ద ముక్క 2007లో పడింది. నష్టాలొచ్చిన కంపెనీ, రేపు లాభాలొస్తే ఆ మేరకు పన్ను తగ్గుతుందన్న ఆశను ఆస్తిగా రాసుకోవచ్చు. ఆ ఏడాది జనరల్ మోటార్స్ అలాంటి ఆశల్లో దాదాపు 3,900 కోట్ల డాలర్లను కొట్టేసింది. అందులో ఒక్క డాలరు నగదు కూడా బయటికి పోలేదు. అందుకే చాలామంది దాన్ని లెక్కల తంతుగా కొట్టిపారేశారు. నా దృష్టిలో మాత్రం అది, దగ్గర్లో లాభాలు వస్తాయన్న నమ్మకం తమకు లేదని కంపెనీ సొంత చేతిరాతతో ఒప్పుకోవడమే.

మూడోది ఆ ఏడాది నిర్వహణ నష్టం, సుమారు 2,130 కోట్లు. గుణకం 3.3 కాబట్టి మైనస్ 0.77. ఇక నాలుగోది. షేరు 3 డాలర్ల 20 సెంట్లు, షేర్లు సుమారు 61 కోట్లు. కంపెనీ మొత్తం మార్కెట్ విలువ 195 కోట్ల డాలర్లు. కొండంత బాకీల పక్కన అది 0.01 మాత్రమే.

అయిదోది అమ్మకాలు, 14,900 కోట్లు. ఆస్తులతో భాగిస్తే 1.64. అన్నీ కలిపితే స్కోరు మైనస్ 0.64. ప్రమాద గీత 1.81 కాదు, సున్నా కూడా దాటి కిందికి పోయింది.

ఇక్కడొక తమాషా ఉంది. ముందటి ఏడాది అమ్మకాలు సుమారు 18,100 కోట్లు. 2008లో అవి పడిపోయాయి కదా, X5 కూడా తగ్గాలి. కానీ 1.21 నుంచి 1.64కు పెరిగింది! కారణం, అమ్మకాల కన్నా ఆస్తులు ఇంకా వేగంగా, 14,900 కోట్ల నుంచి 9,100 కోట్లకు కరిగిపోయాయి. హారం చిన్నదైతే భాగఫలం పెద్దదవుతుందని అయిదో తరగతిలో చదివిందే. కుంగిపోతున్న కంపెనీ ఒక గడిలో చురుగ్గా కనిపించింది. స్కోరును ఒక్క అంకెగా చూసి ఊరుకోకుండా అయిదు ముక్కలనూ రెండు మూడేళ్ల పాటు వరసగా పరచి చూడమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

అలా పరిచి 2007 చివరి లెక్క వేసినా స్కోరు ఒకటి లోపే ఉంటుంది. అప్పటికి షేరు ఇంకా 25 డాలర్ల దరిదాపుల్లో ఉంది. మార్కెట్ ఎంతో కొంత విలువ చూస్తున్న కంపెనీని ఖాతాలు అప్పటికే వదులుకున్నాయి. అయితే స్కోరు తేదీ చెప్పదు. 2008 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం 1,340 కోట్ల డాలర్ల అప్పు ప్రకటించింది. అలాంటి చేయూత ఏ నిష్పత్తిలోనూ ఉండదు. అయినా 2009 జూన్ 1న కంపెనీ కోర్టుకెక్కింది. ఆల్ట్‌మన్ తొలి పరిశోధనలోనూ ఇదే పరిమితి కనబడుతుంది. దివాలాకు ఏడాది ముందటి అంకెలతో ఆయన సూత్రం తన నమూనాలో 95 శాతం సరిగ్గా గుర్తించింది, రెండేళ్ల ముందటివైతే 72 శాతం, మూడేళ్ల ముందటివైతే సగం కూడా కాదు.

మన దేశపు లిస్టెడ్ కంపెనీకి ఈ లెక్క వేసేవారు ఎక్కువగా తడబడేది X2 దగ్గర. బ్యాలెన్స్ షీట్‌లో 'ఇతర ఈక్విటీ' అన్న ఒకే గీత కనబడితే దాన్నంతా తీసుకుపోయి సూత్రంలో వేస్తారు. నోట్స్‌లోకి వెళ్లి విడగొట్టాలి. జనరల్ రిజర్వు లాభాల్లోంచి తీసి పెట్టిందే, కలపవచ్చు. సెక్యూరిటీస్ ప్రీమియం మాత్రం షేర్లు ఎక్కువ ధరకు అమ్మితే వాటాదారుల నుంచి వచ్చిన డబ్బు, సంపాదన కాదు. నిన్నగాక మొన్న పెద్ద ఐపీఓకు వచ్చిన కంపెనీ, ఒక్క ఏడాది లాభం చూడకపోయినా, ఈ తప్పు వల్ల దశాబ్దాలుగా కూడబెట్టిన దానిలా కనబడుతుంది. బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు ఈ సూత్రం వాడనే కూడదు. వాటి ఆస్తులంటే ఇచ్చిన అప్పులే కాబట్టి అమ్మకాల నిష్పత్తికి అర్థం ఉండదు.

ఇక అంకెలే అబద్ధమైతే చేయగలిగింది లేదు. జనరల్ మోటార్స్ కొట్టుమిట్టాడుతున్న ఆ చలికాలంలోనే, 2009 జనవరి 7న, హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవు. సత్యం తయారీ కంపెనీ కాదు గానీ, నగదు అంటే ఏ సూత్రానికైనా వర్కింగ్ క్యాపిటల్‌లో మొదట లెక్కలోకి వచ్చే ఆస్తి. బ్యాంకులో లేని ఆ డబ్బు, స్కోరులో మాత్రం ఉన్నట్టే లెక్క.