ఆరు మాటలు, ఇరవై ఐదు అక్షరాలు

బెజవాడలో ఒక విద్యుత్ స్కూటర్ల షోరూం వాళ్లు హోర్డింగ్ పెట్టించాలనుకున్నారు. బందరు రోడ్డు మీద, బెంజి సర్కిల్ సిగ్నల్‌కి కాస్త ఇవతల, 40 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తున్న బోర్డు దొరికింది. దాని మీద మాట రాసే పని నాకొచ్చింది. నేను వెళ్లేసరికే యజమాని సొంతంగా ఒకటి రాసి ఉంచుకున్నారు.

"పర్యావరణ పరిరక్షణకు అత్యాధునిక విద్యుత్ ద్విచక్ర వాహనం."

"ఏడు మాటలు దాటకూడదంటారు కదండీ, ఆరే వేశాను చూడండి" అన్నారు. లెక్క నిజమే. హోర్డింగ్ మీద ఏడు మాటలకు లోపే ఉండాలన్నది ప్రకటనల వాళ్లందరూ చెప్పే మాటే. కాకపోతే అది ఇంగ్లీషు కోసం పుట్టిన లెక్క. అక్కడ మాటలు పొట్టివి, అక్షరాలన్నీ ఒక వరసలో నిలబడతాయి. మన దగ్గర ఒక్క మాటే రైలుపెట్టెల్లా సాగుతుంది. పైన గుడి, కింద వత్తు, పక్కన కొమ్ము. అందుకే నేను తెలుగులో రాసేటప్పుడు మాటలు లెక్కపెట్టను, అక్షరాలు లెక్కపెడతాను. ఆయన ఆరు మాటల్లో ఉన్నవి 25 అక్షరాలు. వాటిలో ఆరింటికి వత్తులు.

బోర్డు మీద ఆ 25 ఎక్కడ పడతాయో చూడండి. సగం వెడల్పు బండి బొమ్మకు పోతుంది. అడుగున నాలుగైదు అడుగులు కంపెనీ పేరుకూ షోరూం చిరునామాకూ పోతాయి. మాటకు మిగిలేది సుమారు 20 అడుగుల వెడల్పు, 14 అడుగుల ఎత్తు. అందులో "పర్యావరణ పరిరక్షణకు" అన్న మొదటి వరసకే 11 అక్షరాలు. అంటే అక్షరానికి అడుగున్నర పైచిలుకు. బయటి బోర్డులకు ఒక మోటు లెక్కుంది: పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం ఉంటే హాయిగా చదవొచ్చు. ఆ లెక్కన ఈ అక్షరం 60 మీటర్ల లోపల గానీ సరిగా కనిపించదు. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ 60 మీటర్లు ఆరు సెకన్లలో దాటేస్తుంది. ఆ ఆరూ మనవి కావు. ముందు ఆటో ఉంటుంది, పక్కన సిటీ బస్సు ఉంటుంది, తల ఎత్తేది రెండు మూడు సెకన్లే. ఇక వత్తుల సంగతి, అవి అసలు అక్షరంలో సగం కూడా ఉండవు. "ద్యు", "ద్వి" దూరం నుంచి ఒకటే మచ్చ.

ఇది నమ్మించడానికి నాకొక పాత చిట్కా ఉంది. బోర్డు నమూనాను సెల్‌ఫోన్‌లో పెట్టి, ఫోన్ నిలువుగానే ఉంచి, చెయ్యి చాపి చూడమంటాను. ఫోన్ వెడల్పు దాదాపు ఏడు సెంటీమీటర్లు, చాపిన చెయ్యి 60 సెంటీమీటర్లు. 40 అడుగుల బోర్డు 100 మీటర్ల నుంచి కంటికి కనిపించేది ఇంచుమించు అంతే. షోరూంలో ఇది చేయించగానే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

పైగా "ద్విచక్ర వాహనం" అని ఎవరంటారు? ఆర్టీఓ ఆఫీసు కాగితాలంటాయి. మనిషి "బండి" అంటాడు.

మరి ఏం చెప్పాలి? అందరికీ ముందు తట్టేది దూరం: "ఒక్క చార్జింగ్‌తో 150 కిలోమీటర్లు". ఆ అంకె ప్రయోగశాలలో, రోలర్ల మీద బండిని తిప్పి కొలిచి ఇచ్చే సర్టిఫికెట్‌లోది. వెనక భార్యను కూర్చోబెట్టుకుని, ఎండలో, ఆగుతూ సాగుతూ పోయేవాడికి అంత రాదు. ప్రకటనల మంచిచెడ్డలు చూసే ఆస్కీ సంస్థ నియమాల ప్రకారం, పైన పెద్దక్షరాల్లో చెప్పినదాన్ని కింద నక్షత్రం గుర్తు పెట్టి కాదనకూడదు. ఆ నక్షత్రం హోర్డింగ్ మీద కనిపించనే కనిపించదు.

రెండోది డబ్బు. కిలోమీటరుకు 35 వాట్ అవర్ల కరెంటు అనుకుంటే, రానూపోనూ 20 కిలోమీటర్లకు ముప్పాతిక యూనిట్ కూడా కాదు. యూనిట్ ఎనిమిది రూపాయలైతే ఆరు రూపాయల లోపే. "ఆఫీసుకు రానూపోనూ ఆరు రూపాయలు" అని రాసి చాలా సేపు మురిసిపోయాను. 14 అక్షరాలు, వత్తు ఒక్కటీ లేదు. కానీ ఎవరి ఆఫీసు? గన్నవరం నుంచి వచ్చేవాడికి చెల్లదు. నెల వాడకాన్ని బట్టి యూనిట్ ధరా మారుతుంది. మళ్లీ నక్షత్రమే దిక్కు. వదిలేశాను.

అప్పుడు బోర్డు దగ్గరికే వెళ్లి నిలబడ్డాను. పైన ఫ్లైఓవర్ మీద పోయేవి హైవే బండ్లు, గుంటూరుకో ఏలూరుకో వెళ్లే లారీలూ కార్లూ. మనకు కావలసినవాళ్లు కింద సిగ్నల్ దగ్గర, ఎర్రలైటు అంకెలు చూస్తూ, ఇంజను ఆపాలా వద్దా అని ఆలోచిస్తూ ఉన్నారు. పెట్రోలు బండి నిలబడ్డా కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది. విద్యుత్ బండి ఆగితే మోటారూ ఆగుతుంది, లైట్లకూ తెరకూ పోయేది లెక్కలోకి రాదు. ఆగగానే ఇంజను దానంతటదే ఆగే పెట్రోలు స్కూటర్లూ వచ్చాయి కాబట్టి మేమొక్కళ్లమే అని చెప్పుకోకూడదు. అయినా ఇది నిజం, నక్షత్రం అక్కర్లేని నిజం.

"బండి ఆగింది. ఖర్చూ ఆగింది." పది అక్షరాలు. రాసి, ఎప్పటిలాగే సగం మూసి చూశాను. సిగ్నల్‌లో బస్సు అడ్డమొస్తే బోర్డు సగమే కనిపిస్తుంది కదా. మిగిలింది "బండి ఆగింది". పక్కన విద్యుత్ స్కూటర్ బొమ్మ! దారిలో చార్జింగ్ అయిపోతుందేమోనని జనం భయపడే బండికి ఇంతకంటే చేటు మాట ఉండదు. ఇదే పరీక్షలో "పెట్రోలు ధర మండుతోందా?" కూడా పోయింది. 2022లో స్కూటర్ బ్యాటరీలు అంటుకున్న వార్తలు చదివిన ఊరిది, అలాంటి ఘటన ఇక్కడా జరిగింది. స్కూటర్ బొమ్మ పక్కన "మండుతోందా" అనే మాట ఏ అర్థంలోనూ ఉండకూడదు.

చివరికి బండిని తీసేసి మనిషిని పెట్టాను.

"మీరు ఆగారు. ఖర్చు ఆగిందా?"

వరసకు ఐదు చొప్పున పది అక్షరాలు, అన్నింట్లో కలిపి వత్తు ఒక్కటే. అక్షరం మూడడుగులు దాటింది. మోటు లెక్క ప్రకారం 120 మీటర్ల నుంచి చదవొచ్చు, అంటే సిగ్నల్ వరసలో చివర నిలబడ్డవాడు కూడా. సగం మూస్తే "మీరు ఆగారు" మిగులుతుంది. ఆగినవాడికి అందులో తప్పేం కనిపించదు. ఈ మాట ఈ బోర్డుకే పనికొస్తుంది. దీన్నే తీసుకెళ్లి ఫ్లైఓవర్ మీద పెడితే ఎవరూ ఆగరు కాబట్టి అబద్ధమవుతుంది.

యజమాని ఫోన్ చెయ్యి చాపి పట్టుకుని చూశారు. చదివారు. "బాగుందండీ. మరి ఇంత ఖాళీ మిగిలింది, ఫోన్ నంబరు వేసేద్దామా?" అన్నారు. అంటే ఇంకో పది అంకెలు. కాసేపు వాదులాడుకున్నాం. ఆఖరికి నంబరు అడుగునున్న పట్టీలోకి వెళ్లింది, చిన్న అంకెల్లో. బోర్డు ఎక్కిన సాయంత్రం ఇద్దరం సిగ్నల్ దగ్గర నిలబడి చూశాం. ఆ నంబరు ఆయనకూ కనిపించలేదు.