రాయి సైజు మరిచిన లెక్క

కిడ్నీలో రాళ్లకు ఏ చికిత్స మేలు? 1986లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన లెక్కల్లో, కోత పెట్టి చేసే పాత ఆపరేషన్ 350 మందిలో 273 మందికి ఫలించింది. అంటే 78 శాతం. వీపు దగ్గర చిన్న రంధ్రం చేసి రాయి తీసే కొత్త పద్ధతి 350 మందిలో 289 మందికి, అంటే 83 శాతం మందికి పనిచేసింది. కొత్తదే గెలిచినట్టు కనిపిస్తుంది.

రాళ్లను సైజు ప్రకారం విడదీస్తే కథ తలకిందులవుతుంది. రెండు సెంటీమీటర్లలోపు రాళ్లలో పాత ఆపరేషన్‌కు 93 శాతం, కొత్తదానికి 87. పెద్ద రాళ్లలో 73, 69. రెండు చోట్లా పాతదే పైచేయి!

మరి మొత్తంలో ఎందుకు ఓడింది? పెద్ద రాళ్లు ఎలా తీసినా మొండివే. పాత ఆపరేషన్ వాటా 350 మందిలో 263 మందివి అలాంటివే. కొత్త పద్ధతికి 80 మాత్రమే వచ్చాయి. కష్టమైన కేసుల్లో ఎక్కువ భాగం ఒకరి నెత్తినే పడ్డాయి. దీన్నే సింప్సన్ పారడాక్స్ అంటారు.

రాయి సైజు కాలమ్ లేకుండా ఈ 700 రికార్డులతో కంప్యూటర్ మోడల్‌కు శిక్షణ ఇస్తే, పెద్ద రాయి ఉన్న రోగికీ అది కొత్త పద్ధతినే సూచిస్తుంది. రికార్డులు ఎన్ని పెంచినా, రోగుల పంపకం అలాగే ఉంటే ఆ తప్పు పోదు. చికిత్స ఎంచుకునేటప్పుడు డాక్టరు ఏం చూశారో అడిగి, ఆ వివరాన్ని డేటాలో చేర్చాలి. సైజును చేర్చినా అనుమానం పూర్తిగా తీరదు: పాత ఆపరేషన్లు 1972-80 మధ్యవి, కొత్తవి 1980-85 మధ్యవి.