సాగే దారమే ఈత దుస్తుల ఆయుష్షు

రోజూ ల్యాపులు కొట్టేవారి కాస్ట్యూమ్ చిరిగిపోవడం అరుదు. అది వదులైపోతుంది. కొన్నప్పుడు ఒంటికి అతుక్కుని ఉన్న బట్ట కొన్ని నెలలకు పిరుదుల దగ్గర సంచిలా వేలాడుతుంది, భుజాల పట్టీలు జారుతుంటాయి, గోడను తన్ని ముందుకు దూసుకెళ్లినప్పుడు మెడ దగ్గర నుంచి నీళ్లు లోపలికి చేరతాయి. కుట్లు గట్టిగానే ఉంటాయి, పైబట్టా నిలిచే ఉంటుంది. లోపల సాగే దారం మాత్రం చచ్చిపోయి ఉంటుంది.

ఆ దారం పేరు ఎలాస్టేన్. స్పాండెక్స్ అన్నా, లైక్రా అన్నా అదే. లైక్రా అనేది ఒక బ్రాండు పేరు. మామూలు ఈత దుస్తుల్లో దాదాపు 80 శాతం నైలాన్, 20 శాతం ఎలాస్టేన్ ఉంటాయి. నైలాన్ బట్టకు రూపం ఇస్తే, ఎలాస్టేన్ సాగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. ఎలాస్టేన్ దారం తన పొడవుకు ఐదారు రెట్లు సాగగలదు. రసాయనికంగా అది పాలీయురెథేన్ జాతిది. అందులో మెత్తని భాగాలు, గట్టి భాగాలు ఒకదాని తర్వాత ఒకటి గొలుసులా ఉంటాయి. మెత్తనివి సాగుతాయి, గట్టివి ముడుల్లా పట్టి ఉంచి వెనక్కి లాగుతాయి.

పూల్ నీళ్లలో క్రిములను చంపడానికి కలిపే క్లోరిన్ ఈ గొలుసునూ కొరుకుతుంది. సరిగ్గా నడిచే పూల్‌లో అది లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు మాత్రమే ఉంటుంది. ఒక్క రోజులో అది చేసే నష్టం కంటికి కనిపించదు. కానీ వారానికి ఐదు రోజులు, రోజుకు గంట ఈదితే నెలకు ఇరవై గంటలకు పైగా బట్ట ఆ నీటిలో నానుతుంది. తెగిన గొలుసు మళ్లీ అతుక్కోదు. నీరు వెచ్చబడితే ఈ చర్య వేగం పెరుగుతుంది. పైకప్పు లేని పూల్ అయితే ఎండ కూడా తోడై రంగునూ దారాన్నీ దెబ్బతీస్తుంది. వేసవిలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆరుబయట ఈదేవారి బట్టకు ఇలా రెండు వైపుల నుంచీ దెబ్బే.

కాస్ట్యూమ్ పాడవుతోందని ముందే పసిగట్టవచ్చు. తడి ఆరాక దాన్ని రెండు చేతులతో లాగి, కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టాలి. పిరుదుల భాగంలో నేత పలచబడి వెలుగు మచ్చలుగా కనిపించినా, సన్నని తెల్లటి పోగులు వెంట్రుకల్లా పైకి లేచి ఉన్నా, అవి తెగిన ఎలాస్టేన్ కొసలే. ఇంకో పరీక్ష కూడా ఉంది. బట్ట మీద 10 సెంటీమీటర్ల దూరంలో రెండు చోట్ల వేళ్లతో పట్టుకుని, 15 సెంటీమీటర్ల దాకా లాగి వదలాలి. మంచి బట్ట వెంటనే 10కి వచ్చేస్తుంది. 11 దగ్గర ఆగి నెమ్మదిగా కుదించుకుంటుంటే దాని రోజులు దగ్గర పడ్డాయన్నమాట.

అందుకే ల్యాపులు కొట్టేవారు కొనేముందు రంగు కంటే, బ్రాండు కంటే ముందుగా లోపలి లేబుల్ చదవాలి. అక్కడ పాలిస్టర్, పీబీటీ అనే రెండు పేర్లు ఉండి, ఎలాస్టేన్ లేకపోతే అది క్లోరిన్‌ను తట్టుకునే బట్ట. రెండూ దాదాపు సగం సగం ఉండటం మామూలు. పీబీటీ కూడా పాలిస్టర్ జాతిదే, కానీ దాని అణువుల గొలుసులో వంగే భాగం కొంచెం పొడవుగా ఉంటుంది. దానికితోడు దారాన్ని సన్నని స్ప్రింగుల్లా మెలికలు తిప్పి తయారుచేస్తారు. ఆ మెలికలు విచ్చుకోవడం, ముడుచుకోవడం వల్లే బట్ట సాగుతుంది. యురెథేన్ బంధాలు లేవు కాబట్టి క్లోరిన్‌కు కొరకడానికి ఏమీ దొరకదు. నైలాన్-లైక్రా సూట్ కొన్ని నెలలకే జారిపోయే చోట, ఇది ఏడాది దాటినా నిలబడుతుంది. లేబుల్ మీద ‘క్లోరిన్‌ను తట్టుకునే’ లైక్రా అని రాసి ఉంటే అది మధ్యస్థం: మామూలు ఎలాస్టేన్ కంటే ఎక్కువ కాలం ఉంటుంది, పీబీటీ అంత కాలం ఉండదు.

అయితే పీబీటీ ఎలాస్టేన్ అంతగా సాగదు. మొదటిసారి వేసుకునేటప్పుడు తొడల దగ్గర బిగుసుకుపోతుంది, పైకి లాగడానికి ఓపిక కావాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: పట్టడం లేదనుకుని ఒక సైజు పెద్దది తీసుకుంటారు. నీళ్లలో ఏ బట్టయినా కొంత వదులవుతుంది. పొడిగా ఉన్నప్పుడు హాయిగా ఉన్న సూట్ నీళ్లలో సంచి అవుతుంది. పొడిగా ఉన్నప్పుడు కాస్త బిగువుగా, ఊపిరికీ చేతుల కదలికకూ అడ్డం రాకుండా ఉంటే అదే సరైన సైజు.

ఆడవాళ్ల వన్-పీస్ సూట్‌కు ఛాతీ కొలత ఒక్కటే చాలదు. ఒక భుజం మీద టేపు మొదలుపెట్టి, ముందు వైపు నుంచి కాళ్ల మధ్యగా తీసుకెళ్లి, వీపు మీదుగా అదే భుజానికి తేవాలి. ఇది మొండెం కొలత. ఛాతీ ప్రకారం 34 సైజు, మొండెం ప్రకారం 36 సైజు వచ్చిన మనిషి 34 కొంటే పట్టీలు భుజాల్లోకి దిగి గీరుకుంటాయి. ఇలాంటప్పుడు మొండెం కొలతనే నమ్మాలి. ట్రయల్ గదిలో చేతులు పైకెత్తి, నడుము వంచి చూడాలి. పట్టీ కింద రెండు వేళ్లు దూరితే చాలు, నాలుగు దూరితే వదులు. మన దుకాణాల్లో ఎక్కువగా దొరికే ఫ్రాకు తరహా కాస్ట్యూమ్ కుచ్చులు నీటిని పట్టి వెనక్కి లాగుతాయి. ఒళ్లు కప్పుకోవాలనుకుంటే కుచ్చులు లేకుండా మోకాళ్ల దాకా ఒంటికి అంటి ఉండేది మేలు. మగవాళ్లకు జామర్ అయినా, పొట్టి ట్రంక్ అయినా లోపల కట్టుకునే తాడు ఉండాలి. జేబులున్న వదులు షార్ట్స్ ల్యాపులకు పనికిరావు.

ఎంత మంచి బట్టయినా తడిగా సంచిలో కుక్కితే పాడవుతుంది, ఎందుకంటే పూల్ నీళ్లు దానిలోనే ఉండి పని చేస్తుంటాయి. ఈదడానికి ముందు మామూలు నీటితో తడిపితే బట్ట అప్పటికే నానిపోయి క్లోరిన్ నీటిని తక్కువ పీల్చుకుంటుంది. ఈదిన వెంటనే చన్నీళ్లలో రెండు మూడుసార్లు జాడించాలి. పిండి మెలిపెట్టకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో ఆరేయాలి. వాషింగ్ మెషిన్, వేడి నీళ్లు, బ్లీచింగ్ పౌడర్ ఏవీ వద్దు. ఒంటికి నూనె రాసుకుని దిగడం బట్టకూ చేటే, నూనె ఎలాస్టేన్‌ను బలహీనపరుస్తుంది. పూల్ గట్టు గరుకు సిమెంటు మీద కూర్చోకపోతే పిరుదుల దగ్గర నేత ఇంకొన్నాళ్లు ఆగుతుంది.

ధరను గంటల లెక్కన చూస్తే తేడా స్పష్టమవుతుంది. ఉదాహరణకు 900 రూపాయల నైలాన్-లైక్రా సూట్ 80 గంటలు, 2,400 రూపాయల పీబీటీ సూట్ 300 గంటలు ఆగాయనుకుందాం. మొదటిదానికి గంటకు 11 రూపాయలకు పైగా పడుతుంది, రెండోదానికి 8 రూపాయలు. వారానికి ఒక్కసారి పిల్లలతో సరదాగా దిగేవారికి మాత్రం ఈ లెక్క వర్తించదు. వారి సూట్ క్లోరిన్ వల్ల అరిగేలోపే పిల్లలు పెరిగిపోతారు, మెత్తని నైలాన్-లైక్రా వాళ్లకు చాలు.

వెలుతురులో పలచబడి కనిపించిన సూట్‌ను ఒంటరిగా వేసుకోకూడదు, నీళ్లలో అది ఇంకా పారదర్శకంగా మారుతుంది. దాన్ని పారేయక్కర్లేదు. చాలామంది ఈతగాళ్లు పాత వదులు సూట్‌ను కొత్తదాని మీద వేసుకుని శిక్షణలో ఈదుతారు. సంచిలా వేలాడే ఆ బట్ట నీటిని పట్టి వెనక్కి లాగుతుంది కాబట్టి చేతులకు, భుజాలకు అదనపు బరువు పడుతుంది. పోటీ రోజున దాన్ని తీసేసి దిగుతారు.