రంగు పెనం మీద, ఉడుకు ఓవెన్‌లో

అంగుళంన్నర మందమున్న పోర్క్ చాప్‌ను మొదటి నుంచి చివరి దాకా పొయ్యి మీదే వేయిస్తే, ఎముక పక్కన ఉడికేలోపు పైన మాడిపోతుంది. పోనీ మంట తగ్గిస్తే రంగు రాదు. అందుకే అమెరికా రెస్టారెంట్లలో వంటవాళ్లు పనిని రెండు భాగాలు చేస్తారు: ముందు పెనం, తర్వాత ఓవెన్.

ముక్కకు ఉప్పు పట్టించి గంటసేపు ఫ్రిజ్‌లో మూత లేకుండా ఉంచాలి. వండేముందు పేపర్ టవల్‌తో తడి లేకుండా అద్దాలి. పైన నీరున్నంతసేపు అక్కడ వేడి 100 డిగ్రీల సెల్సియస్ దాటదు, మాంసం ఎర్రబడాలంటే దాదాపు 140 కావాలి. తడి ముక్క వేగదు, ఉడుకుతుంది.

ఓవెన్‌ను 200 డిగ్రీలకు వేడిచేసి పెట్టుకుని, బరువైన ఇనుప పెనంలో రిఫైన్డ్ నూనె బాగా కాగనివ్వాలి. ముక్క వేశాక మూడు నిమిషాలు కదపకూడదు. అంటుకుందని గరిటెతో పీకేవాళ్లే ఎక్కువ. పైపొర వేగాక అదే వదులుతుంది. తిప్పి రెండు నిమిషాలు, కొవ్వు అంచును పట్టకారుతో నిలబెట్టి మరో నిమిషం. తర్వాత పెనంతో సహా ఓవెన్‌లోకి.

అక్కడ ఆరు నుంచి పది నిమిషాలు పట్టొచ్చు. అయితే గడియారం అంచనాకే, తీర్పు థర్మామీటర్‌ది. దాన్ని పక్క నుంచి మధ్యకు గుచ్చాలి. ఎముకకు తగిలితే లెక్క తప్పుతుంది. 60 డిగ్రీలు చూపగానే ముక్కను ప్లేటులోకి తీసి, ఫాయిల్ వదులుగా కప్పి ఐదు నిమిషాలు వదిలేయాలి. పైనున్న వేడి లోపలికి పాకుతూ ఉంటుంది కాబట్టి ఆలోగా 63 దాటుతుంది. దాటలేదంటే మళ్లీ ఓవెన్‌లో పెట్టాల్సిందే. వెంటనే కోస్తే రసం ప్లేటు పాలవుతుంది.

ఈ 63 సంఖ్య వెనుక ఓ కథ ఉంది. మాంసంలోని ట్రైకినెల్లా అనే పురుగుకు భయపడి అమెరికాలో ఏళ్ల తరబడి పోర్క్‌ను ఎండిపోయేదాకా వండేవారు. అక్కడి వ్యవసాయ శాఖ 2011లో విడి ముక్కలకు 71 డిగ్రీల హద్దును 63కు దించి, కనీసం మూడు నిమిషాలు ఆగమంది. లోపల కాస్త గులాబీ రంగు ఉన్నా ఫర్వాలేదన్నమాట. కీమాకు మాత్రం 71 డిగ్రీలే. మన దగ్గర ఎక్కడ పెంచారో, ఎవరు తనిఖీ చేశారో తెలియని పంది మాంసానికైతే విడి ముక్కలకూ 71 పాటించడమే మంచిది.

చికెన్‌కు ఈ సడలింపు లేదు, 74 డిగ్రీలు రావాల్సిందే. ఎముకున్న తొడ ముక్క 80 దాకా వెళితేనే మెత్తబడుతుంది, ఓవెన్‌లో పావుగంట పైనే పడుతుంది. మన షాపుల్లో తోలు తీసేసి ఇస్తారు కాబట్టి స్కిన్‌తో కావాలని ముందే చెప్పాలి, తోలువైపు కిందికి పెట్టి మొదలెట్టాలి.

బయటికొచ్చిన పెనం పిడి కూడా ఓవెన్ అంత వేడి మీదే ఉంటుంది. దాని మీద మందపాటి గుడ్డ కప్పి ఉంచండి.