ఖాళీ చోట కాంక్రీటు తగ్గినంత స్టీలు తగ్గదు

ఇంటి ప్లానులో స్లాబ్ 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు అని ఉంటే చాలామంది 1200 చదరపు అడుగులను 5 అంగుళాల మందంతో హెచ్చించి 500 ఘనపు అడుగుల కాంక్రీటు చెప్పేస్తారు. కానీ మెట్ల దగ్గర, లిఫ్టు గొయ్యి దగ్గర స్లాబే ఉండదు కదా. మెట్ల ఖాళీ 14 అడుగులకు 7, లిఫ్టుది 6 అడుగులకు 5 అనుకుందాం. రెండూ కలిపి 128 చదరపు అడుగులు. అంటే సుమారు 53 ఘనపు అడుగులు తగ్గి, కావలసింది దాదాపు 447 అవుతుంది. రెడీమిక్స్ లెక్కలో ఇది ఒకటిన్నర ఘనపు మీటర్లు, డబ్బు పెట్టి తెప్పించి పారబోసేంత చిన్న మొత్తం కాదు.

ఇక్కడ ఖాళీని బీము లోపలి అంచు నుంచి లోపలి అంచుకే కొలవాలి. 9 అంగుళాల బీముల మధ్య గీతల నుంచి కొలిస్తే మెట్ల దగ్గరే 16 చదరపు అడుగులు అదనంగా కోసేస్తాం. పోత రోజున ఆ మేరకు కాంక్రీటు చాలదు. అంతస్తు మట్టంలో స్లాబుతో కలిపి పోసే ల్యాండింగ్ ఉంటే, అది ఖాళీ కిందికి రాదు. పైపుల కోసం వదిలే చిన్న రంధ్రాలను పట్టించుకోనక్కర్లేదు. మన భారత ప్రమాణం IS 1200 ప్రకారం 0.1 చదరపు మీటరు వరకు, అంటే సుమారు ఒక చదరపు అడుగు వరకు, కోత లేదు.

అసలు తప్పు స్టీలు దగ్గర జరుగుతుంది. ఘనపు మీటరుకు 80 కిలోలని ఉజ్జాయింపు పట్టుకుని, తగ్గిన ఒకటిన్నర మీటర్లకు 120 కిలోలు కోసేస్తుంటారు. ఆ 80లో ఆనింపుల మీద వేసే పై చువ్వలు, అతుకులు కూడా ఉంటాయి. ఖాళీ వదిలినంత మాత్రాన అవి మాయం కావు. చువ్వలు లెక్కపెట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. 8 ఎంఎం చువ్వలు రెండు వైపులా 6 అంగుళాల ఎడంతో వేస్తే, మెట్ల ఖాళీలో 7 అడుగులవి 28, 14 అడుగులవి 14 పోతాయి. మొత్తం 392 అడుగులు, సుమారు 47 కిలోలు. అయితే తెగిన ప్రతి చువ్వ కొస బీములోకి వంగి దిగాలి. 42 చువ్వలకు 84 కొసలు. కొసకు అడుగు చొప్పున వేసుకున్నా 10 కిలోలు తిరిగి వస్తాయి. లిఫ్టు ఖాళీని కూడా ఇలాగే చూస్తే, రెండింటికీ కలిపి నికరంగా తగ్గేది 46 కిలోలు, 120 కాదు.

చుట్టూ వేసే బీముల స్టీలు బీముల పద్దులోకి, మెట్ల కోసం వదిలే చువ్వలు మెట్ల పద్దులోకి వెళ్తాయి. అన్ని అంతస్తులకూ ఒకే కోత వేయడం కూడా కుదరదు. లిఫ్టు గొయ్యి పైన మూతగా వేసే స్లాబులో ఖాళీ ఉండదు, మెట్ల గదికి వేసే కప్పులోనూ అంతే.