వంగినా పడని బొంగరం

తాడు చుట్టి విసిరిన బొంగరం కాస్త పక్కకు ఒరిగినా వెంటనే పడదు. తన చుట్టూ తాను తిరుగుతూనే, తలతో గాలిలో ఒక వలయం గీస్తుంది. ఈ రెండో తిరుగుడుకే ప్రిసెషన్ అని పేరు. విసిరిన కొత్తలో ఆ వలయం తీరిగ్గా సాగుతుంది. బొంగరం నీరసించేకొద్దీ వడివడిగా తిరుగుతుంది. ఒకటి తగ్గుతుంటే రెండోది ఎందుకు పెరగాలి?

తిరిగే బొంగరానికి ఇరుసు వెంబడి ఒక బాణం ఉందనుకోండి. అది కోణీయ ద్రవ్యవేగం. ఎంత వేగంగా తిరిగితే అంత పొడవు. ఒరిగిన బొంగరాన్ని భూమి కిందకు లాగుతుంది, నేల మేకును పైకి నెడుతుంది. ఈ రెండూ కలిసి దాన్ని పడదోయాలని చూస్తాయి. ఈ మెలితిప్పే ప్రభావమే టార్క్. అయితే టార్క్ దిశ ఒరిగిన వైపు కాదు, దానికి అడ్డంగా, నేలకు సమాంతరంగా ఉంటుంది. క్షణక్షణం అది బాణానికి అడ్డంగా చిన్న ముక్కను చేరుస్తుంది. అందువల్ల బాణం కిందకు వంగకుండా పక్కకు తిరుగుతుంది. అదే టార్క్‌కు పొడవాటి బాణం కొద్దిగానే మళ్లుతుంది, పొట్టిది ఎక్కువగా మళ్లుతుంది. నీరసించిన బొంగరంలో ఉన్నది పొట్టి బాణం.

100 గ్రాముల చెక్క బొంగరాన్ని తీసుకుందాం. లెక్క తేలికయ్యేందుకు దాన్ని 3 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న గోళంగా, గరిమనాభి మేకు కొనకు 2.5 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు అనుకుందాం. సెకనుకు 30 చుట్లు తిరిగితే ఒక వలయానికి సుమారు 1.7 సెకన్లు పడుతుంది. చుట్లు 15కు పడిపోతే, అదే లెక్కన 0.9 సెకనుకు కాస్త తక్కువ.

ఇందులో రెండు వింతలున్నాయి. అదే ఆకారంలో బొంగరం రెట్టింపు బరువున్నా వలయం వేగం మారదు, ఎందుకంటే టార్క్‌తో పాటు బాణమూ రెట్టింపవుతుంది. ఎక్కువ ఒరిగినా అంతే. టార్క్ పెరుగుతుంది, కానీ బాణం కొన గీయాల్సిన వలయమూ అదే నిష్పత్తిలో పెద్దదవుతుంది.

ఈ సులువు లెక్క, చుట్ల వేగం వలయం వేగం కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నంతవరకే. మన బొంగరానికి 15 చుట్ల దగ్గరికి వచ్చేసరికి అసలు వలయం లెక్క చెప్పినదానికన్నా త్వరగా పూర్తవుతుంది, ఒరుగుదల కూడా లెక్కలోకి వస్తుంది. అదే బొంగరం నిటారుగా తిరుగుతున్నా, సెకనుకు దాదాపు 14 చుట్ల కన్నా తగ్గితే ఆ నిలకడ చెడి తల ఊగడం మొదలవుతుంది.

ఇంట్లో చూడాలంటే బొంగరం మీద సుద్దముక్కతో మచ్చ పెట్టి, సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్‌తో స్లోమోషన్‌లో తీయండి. మచ్చ 8 ఫ్రేములకు అదే చోటికి వస్తే వేగం సెకనుకు 30 చుట్లు. అప్పుడు వలయానికి ఎన్ని ఫ్రేములు పట్టాయో లెక్కపెట్టి, మచ్చ 12 ఫ్రేములు తీసుకునేదాకా ఆగి మళ్లీ లెక్కపెట్టండి. రెండోసారి వచ్చే సంఖ్య మొదటిదానిలో దాదాపు మూడింట రెండు వంతులుండాలి.